అరవై రోజుల గడువు, అయిదు ఇన్‌మెయిళ్లు

కమ్మింగ్‌లో మా సబ్‌డివిజన్ వాట్సాప్ గ్రూపులో లేఆఫ్ అనే మాట ఎవరూ నేరుగా రాయరు. పుట్టినరోజు ఫొటోలు, పాత సోఫా అమ్మకం, కార్‌పూల్ సంగతులు వస్తుంటాయి. ఆ మధ్యలో ఒకరోజు ఎవరో విడిగా మెసేజ్ పెడతారు: "అన్నా, ఒక్క నిమిషం మాట్లాడొచ్చా?" అప్పటికే విషయం సగం అర్థమైపోతుంది. మార్చి 20న నాకు అలాంటి మెసేజే వచ్చింది. మా వీధి చివరి ఇంటి తమ్ముడు. పదేళ్లుగా టెస్టింగ్ రంగంలో ఉన్నాడు. హెచ్-1బి వీసా, భార్యది హెచ్-4, ఇద్దరు పిల్లలు ఇక్కడి ఫోర్సైత్ కౌంటీ బడిలో చదువుతున్నారు. ఆ రోజే అతని ఉద్యోగానికి ఆఖరి రోజు.

రాత్రి తొమ్మిదింటికి వాళ్లింటికి వెళ్లేసరికి అతను చేయాల్సిన పనులన్నీ చేసేశానన్న ధైర్యంతో ఉన్నాడు. లింక్డిన్ ప్రీమియం కెరీర్ తీసుకున్నాడు. మొదటి నెల ఉచితం, ఆపైన నెలకు ముప్పై డాలర్ల దరిదాపు. దాంతో వచ్చిన అయిదు ఇన్‌మెయిల్ క్రెడిట్లు కూడా నేను వెళ్లేలోపే వాడేశాడు. అయిదు పెద్ద కంపెనీల్లో అయిదుగురు వైస్ ప్రెసిడెంట్లకు ఒకే ఉత్తరం పంపాడు. "ఎవరో ఒకరు చూడకపోతారా అన్నా" అన్నాడు. నేను పక్కన కూర్చుని కాగితం మీద తేదీలు రాయడం మొదలుపెట్టాను. ఆ కాగితంలోని లెక్కే ఈ వ్యాసం.

మొదట వీసా లెక్క. 2017 జనవరి 17న అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, ఉద్యోగం పోయిన హెచ్-1బి ఉద్యోగికి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఐ-94 గడువు అంతకంటే ముందే తీరితే ఆ తేదీతోనే సరి. మార్చి 20 ఆఖరి రోజైతే అరవయ్యో రోజు మే 19. అయితే ఆ రోజుకు ఆఫర్ చేతికి వస్తే చాలదు, కొత్త కంపెనీ పిటిషన్ అప్పటికి దాఖలై ఉండాలి. పిటిషన్ వేయాలంటే ముందు కార్మిక శాఖ దగ్గర ఎల్‌సీఏ ఆమోదం పొందాలి, దానికే ఏడు పనిదినాలు పడుతుంది. లాయరు కాగితాలు సిద్ధం చేయడానికి ఇంకొన్ని రోజులు కావాలి. అంటే ఏప్రిల్ నెలాఖరుకో, మరీ ఆలస్యమైతే మే మొదటి వారానికో ఆఫర్ రావాలి. అరవై రోజులన్నవి నిజానికి నలభై చిల్లర రోజులు.

ఇక ప్రీమియం లెక్క. ఇన్‌మెయిల్ అంటే మన పరిచయస్తుల జాబితాలో లేనివారికి నేరుగా సందేశం పంపే హక్కు. కెరీర్ స్థాయిలో నెలకు అయిదు క్రెడిట్లు ఇస్తారు. అవి నెల ఒకటో తారీఖున రావు, మన బిల్లు తేదీన వస్తాయి. మార్చి 20 రాత్రి చందా మొదలైతే రెండో విడత ఏప్రిల్ 20న, మూడో విడత మే 20న వస్తాయి. మే 19కి గడువు ముగిసే మనిషికి మూడో విడత ఒకరోజు ఆలస్యం. అతని చేతిలో ఉన్నవి మొత్తం పది సందేశాలే. అందులో అయిదు మొదటి రాత్రే పోయాయి.

"పోవడమేంటన్నా, జవాబు రాకపోతే తిరిగి వస్తాయి కదా" అన్నాడు తమ్ముడు. చాలామంది ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు. ఒకప్పుడు అది నిజమే. 2014 వరకు, ఏడు రోజుల్లో జవాబు రాని ఇన్‌మెయిల్ క్రెడిట్ తిరిగి వచ్చేది. దాంతో ఏమైందంటే, రిక్రూటర్లు పట్టించుకోని జనానికి గుట్టలు గుట్టలుగా సందేశాలు పంపి, జవాబు రానివాటి క్రెడిట్లు వెనక్కి తీసుకుని మళ్లీ పంపేవారు. జవాబు రాకపోవడమే లాభంగా మారింది. 2015 జనవరి నుంచి లింక్డిన్ దాన్ని తిరగేసింది. ఇప్పుడు అవతలివారు 90 రోజుల్లోపు స్పందిస్తేనే క్రెడిట్ తిరిగి వస్తుంది. స్పందన అంటే ఒప్పుకోవడమే కానక్కర్లేదు. 'ఆసక్తి లేదు' అని నొక్కినా స్పందన కిందే లెక్క. మౌనంగా ఉంటే మాత్రం క్రెడిట్ పోయినట్టే.

నిబంధనగా చూస్తే ఇది న్యాయంగానే ఉంది. నలుగురికీ ఒకే ఉత్తరం పంపేవాడు నష్టపోతాడు, ఆలోచించి ఒకరికి రాసేవాడు బాగుపడతాడు. కానీ ఆ 90 రోజులు ఎవరిని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించినవో చూడండి. మార్చి 20న పంపిన సందేశానికి జవాబు రావడానికి జూన్ 18 వరకు సమయం ఉంది. మే 19న సామాన్లు సర్దుకోవాల్సిన మనిషికి జూన్‌లో తిరిగొచ్చే క్రెడిట్ దేనికి? ఈ చందాలు నింపాదిగా ఉద్యోగం మారాలనుకునేవారి కాలమానంలో తయారయ్యాయి. మన వీసా గడియారం వాటికి తెలియదు. వాడని క్రెడిట్లు తర్వాతి నెలలకు చేరి తొంభై రోజుల వరకు నిలుస్తాయి, కానీ చందా రద్దు చేస్తే మిగిలినవి కూడా పోతాయి. కాబట్టి దాచుకోవడం వల్ల కూడా మనకు కలిసొచ్చేది తక్కువే.

ఇంకో చిక్కు ఉంది. ఇన్‌మెయిల్ పంపాక అవతలివారు స్పందించేదాకా అదే మనిషికి రెండోది పంపడం కుదరదు. "పైన రాసింది చూశారా సార్" అని గుర్తుచేసే అవకాశం లేదు. ఒక్క సందేశంలోనే చెప్పాల్సింది చెప్పేయాలి. 1900 అక్షరాల వరకు రాయనిస్తారు కదా అని మన తమ్ముడు మొత్తం 1900 నింపాడు. పుట్టుపూర్వోత్తరాలు, చేసిన ప్రాజెక్టులు, తెలిసిన టూల్స్, చివరన వీసా గొడవ కూడా. నాలుగు వందల అక్షరాల లోపు ఉన్నవాటికే స్పందన ఎక్కువని లింక్డిన్ సంస్థే చెబుతోంది. వైస్ ప్రెసిడెంట్ స్థాయి మనిషి ఫోన్‌లో చూసేది మొదటి రెండు వరుసలే. ఆ రెండు వరుసల్లో మనవాడు రాసింది "ఈ సందేశం మిమ్మల్ని క్షేమంగా చేరుతుందని ఆశిస్తున్నాను" అన్న మర్యాద.

మూడో రోజున అసలు గోడ తగిలింది. అతను రోజంతా మనుషులను వెతుకుతున్నాడు. అట్లాంటా చుట్టుపక్కల బీమా కంపెనీల్లో టెస్టింగ్ మేనేజర్లు, బ్యాంకుల్లో డైరెక్టర్లు, పేమెంట్స్ కంపెనీల్లో రిక్రూటర్లు. ఒక్కో పేరు తెరవడం, పక్కన చూపించే అలాంటి పేర్లలోకి వెళ్లడం, అక్కడి నుంచి ఇంకొకటి. మార్చి 23 సాయంత్రానికి ఈ నెలకు వెతికే పరిమితి అయిపోయిందని తెర మీద కనిపించింది. "ప్రీమియం తీసుకున్నా కదన్నా, ఇదేంటి?" అని ఫోన్ చేశాడు.

ఇది మన వాళ్లలో ఎక్కువమందికి తెలియని సంగతి, కాస్త వివరంగా చెప్పాలి. లింక్డిన్‌లో మనుషులను వెతికే పని ఒక హద్దు దాటితే, మీరు సొంత అవసరానికి కాక నియామకాల కోసమో అమ్మకాల కోసమో వెతుకుతున్నారని ఆ సంస్థ భావిస్తుంది. దానికి commercial use limit అని పేరు. ఎన్ని వెతుకులాటలకు ఆ హద్దు వస్తుందో అంకె చెప్పరు. దగ్గరపడుతున్నప్పుడు ఒక హెచ్చరిక మాత్రం చూపిస్తారు. ప్రతి నెలా ఒకటో తేదీన, పసిఫిక్ కాలమానం ప్రకారం అర్ధరాత్రి, లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మనకు అది తెల్లవారుజామున మూడు గంటలు. ఈ హద్దు తొలగేది ప్రీమియం బిజినెస్, సేల్స్ నావిగేటర్, రిక్రూటర్ లైట్ తీసుకున్నవారికి. ఉద్యోగం వెతుక్కునేవాడి కోసమని అమ్మే కెరీర్ స్థాయికి ఆ వెసులుబాటు లేదు. బిజినెస్‌కి వెళ్తే ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది, క్రెడిట్లు పదిహేను వస్తాయి. సేల్స్ నావిగేటర్ నెలకు వంద డాలర్ల దరిదాపు, క్రెడిట్లు యాభై. పేరే చెబుతోంది, అది అమ్మకాలు చేసేవారి పనిముట్టు. ధరలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి, ఒక్కొక్కరికి ఒక్కో తగ్గింపు కూడా చూపిస్తుంటారు, కాబట్టి వీటిని అంచనాలుగానే తీసుకోండి.

ఒక విధంగా చూస్తే తప్పు అతనిది కూడా. పథకాల పోలిక పట్టికలో ఆ వరుస చదవలేదు. ఉద్యోగం పోయిన రోజు రాత్రి పోలిక పట్టికలు చదివే ఓపిక ఎవరికి ఉంటుంది? అయినా నా అభ్యంతరం నిబంధన మీద కంటే పేరు మీద. 'కెరీర్' అని పేరు పెట్టిన చందా తీసుకున్న మనిషి, ఉద్యోగం వెతుక్కునే ప్రయత్నంలో అవసరమైనంత మందిని చూడొచ్చనే అనుకుంటాడు. ఆ ఒక్క వాక్యం కొనే బటన్ పక్కనే ఉండాలి.

అయితే ఆ హద్దు లెక్కలోకి రాని వెతుకులాటలు ఉన్నాయి. పై పెట్టెలో ఒక మనిషి పేరు కొట్టి వెతికితే లెక్కలోకి రాదు. మన సొంత పరిచయాల పేజీలో మనవాళ్లను తిరగేసినా రాదు. ఉద్యోగ ప్రకటనలు ఎన్ని వెతికినా రాదు. కాబట్టి హద్దు తగిలాక కూడా పని ఆగిపోనక్కర్లేదు. ఒక ప్రకటన చూడడం, ఆ బృందం నడిపేది ఎవరో కంపెనీ సైట్ ద్వారానో ఏదైనా సదస్సు జాబితా ద్వారానో తెలుసుకోవడం, ఆ పేరు కొట్టి నేరుగా ప్రొఫైల్‌కి వెళ్లడం. కాస్త తిప్పలే కానీ దారి మూసుకోలేదు. మన ఇంజనీర్లకు ఇక్కడ ఒక దురాలోచన కూడా వస్తుంది, స్క్రిప్టు రాసి పేర్లన్నీ లాగేద్దామని. బాట్లు, స్క్రేపింగ్ రెండూ లింక్డిన్ ఒప్పందంలో నిషిద్ధం. ఖాతా స్తంభిస్తే, ఆ అరవై రోజుల్లో అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉండదు.

ఏప్రిల్ 1న హద్దు తొలగింది. ఈసారి వెతికే ముందే ఒక కాగితం మీద మాటలు రాసుకున్నాం. ఉచిత ఖాతాలో కూడా AND, OR, NOT పనిచేస్తాయి, పెద్ద అక్షరాల్లోనే రాయాలి. రెండు మాటల పదబంధాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి. అతనికి బీమా రంగం తెలుసు కాబట్టి ఇలా కొట్టాం:

```
("QA manager" OR "test manager" OR "quality engineering") AND insurance NOT recruiter
```

పదిసార్లు విడివిడిగా వెతకాల్సింది ఒక్కసారితో తేలింది. ప్రాంతం దగ్గర అతను అంతకుముందు కమ్మింగ్ అని పెట్టేవాడు. కమ్మింగ్‌లో నివసించే మనుషుల్లో చాలామంది పనిచేసేది ఆల్ఫరెట్టాలోనో, అట్లాంటాలోనో. ఊరి పేరుతో జల్లిస్తే ప్రొఫైల్‌లో అదే ఊరు రాసుకున్నవారే మిగులుతారు. అట్లాంటా మహానగర ప్రాంతమంతా ఎంచుకుంటే లెక్క మారిపోయింది. ప్రాంతం, ప్రస్తుత కంపెనీ, పాత కంపెనీ, చదివిన కళాశాల, రంగం, ఇవన్నీ ఉచితంగా వచ్చే జల్లెడలే. ఎన్నేళ్ల అనుభవం, కంపెనీలో ఎంతమంది పనిచేస్తారు, ఏ హోదా స్థాయి, ఇలాంటివి కావాలంటే మాత్రం సేల్స్ నావిగేటర్ తీసుకోవాలి. ఉద్యోగం వెతుక్కునేవాడికి అవి నిజంగా అవసరమా అంటే, హోదా పేరునే కీలక పదంగా కొడితే చాలావరకు పని జరిగిపోతుంది.

ఆ ఉచిత జల్లెడల్లో మన తెలుగువారికి అన్నిటికంటే పనికొచ్చేది కళాశాల పేజీ. ఏ విశ్వవిద్యాలయం పేజీకి వెళ్లినా Alumni అని ఒక విభాగం ఉంటుంది. అక్కడ చదివినవారు ఎక్కడ ఉంటున్నారు, ఎక్కడ పనిచేస్తున్నారు, ఏ పని చేస్తున్నారు అని వరుసగా పట్టీలు కనిపిస్తాయి. అట్లాంటా మీద నొక్కి, కంపెనీ మీద నొక్కితే మిగిలినవారి పేర్లు కిందకు వస్తాయి. చదివిన సంవత్సరాలతో కూడా వడకట్టొచ్చు. దీనికి పైసా ఇవ్వక్కర్లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది, అది మన రాష్ట్రాల్లో చదివినవారికే ఎదురయ్యేది. జేఎన్‌టీయూ 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలుగా విడిపోయింది. అంతకుముందు డిగ్రీ తీసుకున్నవారు కొందరు ఉత్త జేఎన్‌టీయూ అని రాసుకుంటారు. కొందరు ఇప్పటి పేరుకు మార్చుకున్నారు. అనుబంధ కళాశాలల్లో చదివినవారు కొందరు విశ్వవిద్యాలయం పేరు, కొందరు కళాశాల పేరు పెట్టారు. ఒకే తరగతి గదిలో కూర్చున్న నలుగురు నాలుగు పేజీల కింద ఉండొచ్చు. మన తమ్ముడు కాకినాడ వైపు ఒక అనుబంధ కళాశాలలో చదివాడు. కళాశాల పేజీలో చూస్తే అట్లాంటాలో ఇద్దరే కనిపించారు. పాత జేఎన్‌టీయూ పేజీ, కాకినాడ పేజీ, హైదరాబాద్ పేజీ వరుసగా తిరగేశాక ఆ రెండు కాస్తా ముప్పైకి పైగా అయ్యారు. ఉస్మానియా, ఆంధ్ర, వెంకటేశ్వర విశ్వవిద్యాలయాల కింద అనుబంధ కళాశాలల్లో చదివినవారికి కూడా ఇదే సలహా, ఒక్క పేజీ చూసి ఎవరూ లేరనుకోకండి.

ఆ ముప్పైమందిలో అతనికి మొదటి వరుస పరిచయం ఉన్నవారు నలుగురు. మొదటి వరుసవారికి సందేశం ఎప్పుడూ ఉచితమే. మిగతావారికి పరిచయ అభ్యర్థన పంపొచ్చు. దానికి ఒక చిన్న మాట జోడించే వీలు ఉచిత ఖాతాలకు నెలకు కొన్నిసార్లే ఇస్తున్నారు. ప్రీమియంలో ఆ కట్టడి సడలుతుంది. కెరీర్ చందాలో అతనికి నిజంగా అక్కరకొచ్చిన అంశం ఇదే. ఇన్‌మెయిళ్ల కంటే ఎక్కువ పని చేసింది. ఇంకొక సంగతి, ప్రీమియం ఉన్న కొందరు తమ ఖాతాను Open Profile గా పెట్టుకుంటారు. అలాంటివారికి ఎవరైనా క్రెడిట్ ఖర్చు లేకుండా రాయొచ్చు. పంపే ముందు సందేశం ఉచితమా కాదా అని తెర మీద ఉంటుంది, ఒక్క క్షణం ఆగి చదవాలి.

ఇక ప్రొఫైల్ ఎవరు చూశారన్న ముచ్చట. నిజం చెప్పాలంటే ప్రీమియం కొనేవారిలో సగం మందిని లాగేది ఇదేనని నా అనుమానం. ఉచిత ఖాతాలో ఇటీవల చూసినవారిలో కొందరే కనిపిస్తారు, మిగతావారు మసకబారి ఉంటారు. డబ్బు కడితే జాబితా పూర్తిగా తెరుచుకుంటుంది. కానీ పూర్తిగా అన్నది కూడా పూర్తిగా కాదు. ఎవరైనా ప్రైవేట్ పద్ధతిలో చూస్తే ఎంత డబ్బు కట్టినా వారి పేరు తెలియదు. అక్కడ పేరు లేకుండా LinkedIn Member అనే కనిపిస్తుంది. మన తమ్ముడు మొదటి వారమంతా రాత్రి పన్నెండింటికి ఆ జాబితా తెరిచి చూసేవాడు. "ఫలానా బ్యాంకు రిక్రూటర్ చూసిందన్నా, మంచి సంకేతమేనా?" అని అడిగేవాడు. రిక్రూటర్లు రోజుకు వందల ప్రొఫైళ్లు తిరగేస్తారు. చూడడం వాళ్ల పని, పిలవడం వేరే సంగతి. వాళ్ల ఆవిడ ఒకరోజు నాతో అంది, "అన్నయ్యా, ఆ జాబితా ఒక్కటి మూయించండి, ఆయనకు నిద్ర ఉండట్లేదు" అని.

ఇందులో ఉపయోగపడేది మాత్రం ఒకటి ఉంది, దానికి డబ్బు అక్కర్లేదు. మనం ఇతరుల ప్రొఫైల్ చూసినప్పుడు మన పేరు కనిపించాలా వద్దా అన్నది Profile viewing options అనే చోట నిర్ణయించుకోవచ్చు. మూడు పద్ధతులున్నాయి: పేరు, హోదాతో సహా కనిపించడం, పేరు లేకుండా హోదా, కంపెనీ వంటి వివరాలు మాత్రం కనిపించడం, ఏమీ కనిపించకుండా పూర్తి ప్రైవేట్‌గా ఉండడం. ఉద్యోగం పోయిన మనవాళ్లు చాలామంది వెంటనే మూడోదానికి మారతారు. కారణం నాకు తెలుసు. పాత కంపెనీవాళ్లు, బంధువులు, పక్కింటివాళ్లు తాము వెతుకుతున్న సంగతి గమనిస్తారేమోనన్న మొహమాటం. ఉచిత ఖాతాలో ప్రైవేట్‌కి మారితే మనల్ని చూసినవారి జాబితా కూడా మనకు కనిపించడం ఆగిపోతుంది, పాత చరిత్ర చెరిగిపోతుంది. ప్రీమియం ఉంటే దాక్కుంటూనే చూడొచ్చు, ఆ సౌకర్యానికీ కలిపే డబ్బు తీసుకుంటారు.

కానీ ఉద్యోగం వెతికేవాడు దాక్కోవడం ఎందుకు? ఒక మేనేజర్ ప్రొఫైల్‌ని మన పేరుతో చూస్తే, ఆయనకు మన పేరు, హోదా కనిపిస్తాయి. అది ఖర్చులేని తలుపు చప్పుడు. మరుసటి రోజు అభ్యర్థన పంపితే పేరు కొత్తగా అనిపించదు. తమ్ముడి ఖాతా ప్రైవేట్‌లోనే ఉందని ఏప్రిల్ మొదటి వారంలో గాని గమనించలేదు. పదిహేను రోజులపాటు తట్టిన తలుపులేవీ చప్పుడు చేయలేదు. మార్చాక ఇద్దరు తిరిగి అతని ప్రొఫైల్ చూశారు, ఒకరు తామే పరిచయం పంపారు.

ఏప్రిల్ 20న రెండో విడత అయిదు క్రెడిట్లు వచ్చాయి. ఈసారి తొందరపడలేదు. ప్రకటన తెరిచి ఉన్న బృందం మేనేజర్లకే, వైస్ ప్రెసిడెంట్లకు కాదు. నాలుగైదు వాక్యాలే. మొదటి వాక్యంలో ఆ ఉద్యోగ ప్రకటన పేరు, రెండోదాంట్లో ఆ పనికి దగ్గరగా తాను చేసిన ఒక్క పని, చివర్లో జవాబు చెప్పడానికి తేలికైన ఒక ప్రశ్న: "ఈ స్థానం మీ బృందంలోనిదేనా, లేక నేను వేరేవారికి రాయాలా?" ఉద్యోగం ఇప్పించమని అడిగితే మనిషి ఆలోచనలో పడతాడు. దారి చెప్పమంటే ఒక్క ముక్కలో చెప్పగలడు. అయిదుగురిలో ఒకరు వేరే పేరు చెప్పారు, ఒకరు ఆ స్థానం నిండిపోయిందన్నారు. ఇద్దరూ స్పందించారు కాబట్టి రెండు క్రెడిట్లు తిరిగొచ్చాయి. అయిదు క్రెడిట్లతో ఏడు సందేశాలు వెళ్లాయి. మొదటి రాత్రి పంపిన అయిదింటికి ఈరోజుకీ ఒక్క జవాబు లేదు.

ఉద్యోగం మాత్రం వీటిలో దేని వల్లా రాలేదు. పాత జేఎన్‌టీయూ పేజీలో దొరికిన ఒక సీనియర్, కళాశాలలో రెండేళ్లు ముందు చదివిన ఆయన, అభ్యర్థనతో పాటు రాసిన చిన్న మాట చూసి ఫోన్ నంబరు అడిగారు. ఆల్ఫరెట్టాలో తన కంపెనీలో రిఫరల్ ఇచ్చారు. మే 4న ఆఫర్, మే 15న పిటిషన్ దాఖలు. నాలుగు రోజులు మిగిలాయి. చందా రద్దు చేయమని నేను గుర్తుచేసినా, అతను అంతకుముందే చేసేశాడు.

ప్రీమియం అసలు వద్దని నేను అనడం లేదు. మొదటి రాత్రి మాత్రం వద్దు. మొదటి పది రోజులు ఉచిత పనిముట్లతో పేర్ల జాబితా తయారు చేసుకుని, ఎవరికి రాయాలో తేలాక, ఆ ఒక్క నెల ఉచిత చందాను అప్పుడు మొదలుపెడితే క్రెడిట్లు పనికొస్తాయి. ఆ ఉచిత నెల ఏడాదికి ఒకసారికి మించి దొరకదు, కాబట్టి ఉద్యోగంలో ఉండగా సరదాకి వాడేయకండి. ఫోన్ యాప్ స్టోర్ ద్వారా కొంటే రద్దు కూడా అక్కడే చేయాలి, ఆ తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోవాలి. మనుషులను విస్తారంగా వెతకాల్సిన అవసరం నిజంగా ఉంటే కెరీర్ కాకుండా బిజినెస్ ఒక్క నెల తీసుకోవడం మేలు.

ఇంతవరకు రాసింది ఉద్యోగం పోయినవారికి. మిగిలినది ఉద్యోగంలో ఉన్నవారికి, అంటే ఈ పేజీ చదువుతున్న మనలో ఎక్కువమందికి. మనకు వచ్చే ఇన్‌మెయిళ్లను మనం ఏం చేస్తున్నాం? ప్రకటనలనుకుని వదిలేస్తాం. వాటిలో చాలావరకు ప్రకటనలే, కాదనను. కానీ కొన్ని మన తమ్ముడిలాంటివారు నెలకు అయిదే ఉన్న క్రెడిట్లలో ఒకటి ఖర్చుపెట్టి రాసినవి. సాయం చేయలేకపోవచ్చు, మన కంపెనీలో ఖాళీ లేకపోవచ్చు. 'ఆసక్తి లేదు' అన్న బటన్ నొక్కినా చాలు, ఆ క్రెడిట్ అతని చేతికి వెళ్తుంది, ఇంకొక తలుపు తట్టగలడు. కాదనడం మనకు మొహమాటం. ఆ మొహమాటంతో ఊరుకోవడం వల్లే అవతలివాడికి ఎక్కువ నష్టం జరుగుతోంది.

తమ్ముడికి ఆఫర్ వచ్చిన రోజు రాత్రి నా సొంత పెట్టె తెరిచి చూశాను. జవాబివ్వని ఇన్‌మెయిళ్లు పదకొండు ఉన్నాయి. ఏడు అమ్మకాలవి. నాలుగు మనుషులు రాసినవి, వాటిలో రెండు తెలుగు పేర్లతో. ఒకటి జనవరిలో వచ్చింది, తొంభై రోజులు దాటిపోయింది. రెండోదానికి ఇంకా ఆరు రోజులుంది. కూర్చుని జవాబు రాశాను.